వారాల గ్యాప్ తర్వాత అంకీతో మళ్ళీ ఇంగ్లిష్: పేరుకుపోయిన కార్డులను తుడిచేయనక్కర్లేదు

ఇంగ్లిష్ ప్రాక్టీస్ కోసం నేను కొన్నేళ్ళుగా వాడుతున్న యాప్ అంకీ. కార్డుకి ఒకవైపు తెలుగు వాక్యం, రెండోవైపు దాన్ని ఇంగ్లిష్‌లో ఎలా అంటారో రాసుకుంటాం. ఏ కార్డును మళ్ళీ ఎప్పుడు అడగాలో అదే లెక్క వేసుకుంటుంది. రోజూ వాడితే ఇది బాగా పనిచేస్తుందని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పాలనుకున్నది, రోజూ వాడలేనప్పటి సంగతి. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోక, లేదా ఆఫీసు పని నెత్తిమీద పడి కొన్ని వారాలు యాప్ తెరవలేకపోతాం. ఆ తర్వాత తెరిచిన రోజు ఏం చేయాలి? నాకు ఇలాంటి విరామాలు చాలాసార్లే వచ్చాయి. ఒక్కసారి కూడా మొదటి కార్డు నుంచి మొదలుపెట్టాల్సిన అవసరం రాలేదు. అంకీ మీద నాకు ఇంత ఇష్టం ఉండడానికి పెద్ద కారణం అదే.

ఈమధ్య మా చెల్లెలికి ఇదే పరిస్థితి వచ్చింది. ఆమె డెక్‌లో, అంటే కార్డుల కట్టలో, సుమారు 1500 కార్డులున్నాయి. గ్యాప్ తర్వాత తెరిస్తే 600 దాకా పెండింగ్ చూపించింది. "అక్కా, ఇది నావల్ల కాదు. అన్నీ రీసెట్ చేసి కొత్తగా మొదలుపెట్టేస్తా" అని ఫోన్ చేసింది. ముందు లెక్క చూద్దామే అన్నాను. రీసెట్ చేస్తే 1500 కార్డులూ కొత్తవైపోతాయి. రోజుకి 20 కొత్త కార్డులు అనేది అంకీలో మొదటినుంచీ ఉండే సెట్టింగ్. ఆ లెక్కన ప్రతి కార్డునీ ఒక్కసారి చూడడానికే 75 రోజులు పడుతుంది. అందులో ఎక్కువ భాగం ఆమెకి ఇప్పటికే బాగా వచ్చిన వాక్యాలు. అవి కూడా రేపు, ఎల్లుండి, వారం తర్వాత అని మళ్ళీ మొదటినుంచి అడుగుతుంది. పెండింగ్‌లో ఉన్న 600 కార్డులు తీర్చడానికి అంత కాలం పట్టదు.

పైగా ఆలస్యమైన కార్డు చెడిపోయిన కార్డు కాదు. ఒక కార్డును పది రోజుల తర్వాత అడగాల్సి ఉందనుకోండి. మనం ఇంకో ముప్పై రోజులు ఆలస్యంగా వచ్చాం. అంటే చివరిసారి చూసి నలభై రోజులైంది, అయినా వాక్యం తడుముకోకుండా చెప్పేశాం. ఆ వాక్యం మనకి యాప్ అనుకున్నదానికంటే గట్టిగా వచ్చిందన్నమాట. అంకీ పాత పద్ధతిలో, గుర్తుందని చెప్పే Good బటన్ నొక్కితే, సమయానికి వచ్చిన కార్డుకి పదిని 2.5తో గుణించి 25 రోజుల తర్వాత అడుగుతుంది. ఆలస్యంగా వచ్చిన కార్డుకి ఆలస్యంలో సగం, అంటే 15 రోజులు కలిపి గుణిస్తుంది. పదీ పదిహేనూ ఇరవై ఐదు, దాన్ని 2.5తో గుణిస్తే దాదాపు 62 రోజులు. అంటే మనం రాని రోజులు కూడా ఆ కార్డు లెక్కలో మనకి జమ అయ్యాయి. 2023లో వచ్చిన 23.10 వెర్షన్ నుంచి అంకీలో FSRS అనే కొత్త లెక్క కూడా ఉంది. అందులో సూత్రం వేరు కానీ, ఎన్ని రోజుల తర్వాత గుర్తుచేసుకున్నామన్నది అక్కడా లెక్కలోకి వస్తుంది. రీసెట్ చేస్తే పోగొట్టుకునేది దీన్నే.

మరి మర్చిపోయినవాటి సంగతేంటి? 1885లో ప్రచురించిన ప్రయోగాల్లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల జాబితాలను తానే బట్టీపట్టి, మర్చిపోయాక మళ్ళీ నేర్చుకుంటూ సమయం కొలిచాడు. రెండోసారి నేర్చుకోవడానికి మొదటిసారి కంటే తక్కువ సమయం పట్టింది. నాకూ కార్డుల్లో ఇదే కనిపిస్తుంది. గ్యాప్ తర్వాత తప్పు చెప్పిన వాక్యం ఒకటి రెండు సార్లు చూడగానే మళ్ళీ నోట్లోకి వచ్చేస్తుంది. మొదటిసారి అదే వాక్యం వారం రోజులు సతాయించి ఉంటుంది.

ఇక పని విషయం. డెక్ పక్కనున్న గేరు గుర్తు నొక్కి Options తెరిస్తే Maximum reviews/day అని ఉంటుంది. ముందే 200 పెట్టి ఉంటుంది. ఇంగ్లిష్ వాక్యాలు పైకి అంటూ చేసేవాళ్ళకి, అందులోనూ గ్యాప్ తర్వాత, 200 చాలా ఎక్కువ. చెల్లెలి చేత దాన్ని 60 చేయించాను. ఒక్కో కార్డుకి పదిహేను సెకన్లు వేసుకున్నా పావుగంటలో అయిపోతుంది. ఇక్కడ ఇంకో మంచి సంగతి ఉంది. డెక్ పక్కన కనిపించే అంకె కూడా ఈ పరిమితి దగ్గరే ఆగుతుంది. తెరవగానే 600 కాకుండా 60 కనిపిస్తుంది. చిన్న మార్పే, కానీ పొద్దున్నే యాప్ ముట్టుకోవాలంటే వచ్చే టెన్షన్ సగం దీనితోనే పోతుంది. పెండింగ్ కార్డులు ఎక్కడికీ పోవు, తమ వంతు కోసం లైన్లో ఉంటాయి.

కొత్త కార్డుల్ని ఆపడం కూడా ముఖ్యం. New cards ignore review limit అనే సెట్టింగ్‌ను ముట్టుకోకపోతే, పాతవాటితో రోజు పరిమితి నిండినప్పుడు కొత్తవి వాటంతటవే ఆగిపోతాయి. నేను మాత్రం నిశ్చింతగా ఉండడానికి New cards/day దగ్గర సున్నా పెట్టేస్తాను.

రోజుకి 60 అంటే పది రోజుల్లో 600 అయిపోతాయనుకోకండి. పాత షెడ్యూలు ప్రకారం ప్రతిరోజూ ఇంకొన్ని కార్డుల గడువు వస్తుంటుంది. చెల్లెలి డెక్‌లో అవి రోజుకి పాతిక దాకా ఉండేవి. తప్పు చెప్పినవి కూడా మర్నాడో ఆ మర్నాడో తిరిగొస్తాయి. అవన్నీ పోగా గుట్ట నిజంగా తగ్గేది రోజుకి ఇరవై, ఇరవై రెండు. అంటే దాదాపు నాలుగు వారాల పని. ఈ సంగతి ముందే తెలిసుండడం మంచిది. లేకపోతే వారం చేశాక కూడా గుట్ట సగం కూడా తగ్గలేదని నిరాశపడతారు.

అందరూ వదిలేసేది, నాకు అన్నిటికంటే ఉపయోగపడింది, కార్డులు వచ్చే వరుస. Review sort order అనే చోట దీన్ని మార్చుకోవచ్చు. బాగా మర్చిపోయినవే ముందు చేయాలని మనకి అనిపిస్తుంది, అది సహజం. కానీ పూర్తిగా మర్చిపోయిన వాక్యం ఇంకో రెండు వారాలు ఆగినా కొత్తగా పోయేదేమీ లేదు, ఎలాగూ దాన్ని మళ్ళీ నేర్చుకోవాల్సిందే. ఇంకా గుర్తుండి జారిపోవడానికి సిద్ధంగా ఉన్నవాటిని ఇవాళే పట్టుకుంటే నిలబడతాయి. FSRS ఆన్ చేసుకుంటే ఇందుకోసం Descending retrievability అనే వరుస దొరుకుతుంది. గుర్తుండే అవకాశం ఎక్కువున్న కార్డులు ముందు వస్తాయి. మొదటి రోజు పదింట్లో ఎనిమిది వాక్యాలు సరిగ్గా చెప్పగలిగితే మర్నాడు కూర్చోవాలని మనకే అనిపిస్తుంది. మొదటి రోజంతా గుర్తురాలేదని చెప్పే Again బటనే నొక్కాల్సొస్తే చాలామంది రెండో రోజు తెరవరు. గుట్ట పూర్తయ్యాక ఈ వరుసను మామూలుగా మార్చుకోవచ్చు.

గ్యాప్ తర్వాత అన్నీ ఒకేలా మర్చిపోము. ఇంగ్లిష్ వాక్యం చూసి అర్థం చేసుకునే కార్డుల్లో పెద్దగా తేడా ఉండదు. తెలుగు చూసి ఇంగ్లిష్‌లో చెప్పాల్సిన కార్డుల దగ్గరే నోరు ఆగిపోతుంది. "మిమ్మల్ని కలవాలని ఎదురుచూస్తున్నాను" అని కనిపిస్తే, "ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు" వరకు వచ్చేసి, తర్వాత "మీట్" అనాలా "మీటింగ్" అనాలా అని తటపటాయిస్తాం. ఇది చూసి ఇంగ్లిష్ అంతా పోయిందనుకోవద్దు. అర్థం ఉంది, మాట నోటికి రావడమే నెమ్మదించింది. అందుకే మొదటి రెండు వారాలూ నేను జవాబు చూసేలోపు తప్పనిసరిగా పైకి అంటాను. కంప్యూటర్లో అంకీ వాడేవాళ్ళు Shift+V నొక్కి తమ గొంతు రికార్డు చేసుకోవచ్చు, V నొక్కితే అది వినిపిస్తుంది. మనసులో సరిగ్గా అనుకున్న వాక్యం కూడా వింటే ఒక్కోసారి ఎక్కడ తొట్రుపడుతున్నామో తెలిసిపోతుంది.

బటన్ల దగ్గర ఒక జాగ్రత్త. చాలా రోజుల తర్వాత వచ్చాం కదా అని, మర్చిపోయిన కార్డుకి జాలిపడి Hard నొక్కబుద్ధవుతుంది. Hard అంటే కష్టపడి గుర్తుతెచ్చుకున్నామని అర్థం. గుర్తురాకపోతే Again నొక్కాలి. మర్చిపోయినవాటికి Hard నొక్కుతూ పోతే, అవి మనకి వచ్చని FSRS నమ్మి ఇంకా దూరం జరుపుతుంది. రెండు నెలల తర్వాత చూస్తే మనకి రాని వాక్యాలన్నీ ఎప్పుడో ఆర్నెల్లకి అడిగేలా ఉంటాయి. Again నొక్కడం తప్పు ఒప్పుకోవడం కాదు, ఈ వాక్యం త్వరగా మళ్ళీ చూపించమని చెప్పడం, అంతే.

పరిమితి ఎక్కువైందని ఎలా తెలుస్తుంది? వరుసగా రెండు మూడు రోజులు మూడోవంతు కంటే ఎక్కువ కార్డులకి Again నొక్కుతున్నా, పావుగంట పని అరగంటకి సాగుతున్నా, వాక్యం అనకుండానే జవాబు తిప్పేస్తున్నా 60ని 40 చేసేయండి. గుట్ట తీరడానికి ఇంకా చాలా వారాలు ఎక్కువ పడితే పడుతుంది. ఒక్క రోజుకే తగ్గించుకోవాలంటే అక్కడే Today only అనే ట్యాబ్ ఉంది. జ్వరమొచ్చిన రోజో, ప్రయాణం రోజో నేను దానిలో 10 పెట్టుకుంటాను.

ఇంకో చిన్న విషయం. ఒకే కార్డు ఎనిమిదిసార్లు మర్చిపోతే అంకీ దానికి leech అని ట్యాగ్ పెడుతుంది, సెట్టింగ్‌ను బట్టి పక్కన కూడా పెట్టేస్తుంది. గ్యాప్ తర్వాత ఇలాంటివి కొన్ని ఎక్కువ వస్తాయి. నెల తర్వాత Browse లో `tag:leech` అని వెతికి చూడండి. చాలావరకు అవి ఒకే కార్డులో మూడు విషయాలు కుక్కిన పొడుగు వాక్యాలై ఉంటాయి. వాటిని రెండు చిన్న కార్డులుగా విడగొడితే సరిపోతుంది.

లోపాలూ చెప్పాలి. సెట్టింగులు చాలా ఎక్కువ, అవి కూడా కొత్తవాళ్ళకి అర్థమయ్యేలా ఉండవు. పైన చెప్పిన వరుస మార్పు లాంటిది ఎవరైనా చెబితే తప్ప తెలియదు. కంప్యూటర్లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్ యాప్‌కి మాత్రం డబ్బు కట్టాలి. వరుసగా ఎన్ని రోజులు చేశామని ముఖం మీద చూపించే లెక్క అంకీలో మొదటినుంచీ లేదు. అది కావాలనుకునేవాళ్ళకి యాడ్-ఆన్లు ఉన్నాయి. నేను ఒకటి కొన్నాళ్ళు పెట్టుకుని తీసేశాను. దాని క్యాలెండర్‌లో ఖాళీ గడులు చూస్తే రాని రోజులే కనిపిస్తాయి, వచ్చిన వాక్యాలు కనిపించవు. ఎదుటి మనిషితో మాట్లాడే అలవాటును మాత్రం ఏ కార్డూ ఇవ్వదు. గుట్ట సగానికి వచ్చాక ఆ రోజు చేసిన కార్డుల్లోంచి నాలుగైదు వాక్యాలు తీసుకుని చెల్లెలితో ఫోన్లో ఐదు నిమిషాలు ఇంగ్లిష్‌లో మాట్లాడుతున్నాను. ఆమె గుట్ట ఇప్పుడు రెండు వందల లోపుకి వచ్చింది, కొత్త కార్డులు ఇంకా సున్నా దగ్గరే ఉన్నాయి.