ఫిఫోనా, ఫెఫోనా? అంబత్తూరు గోడౌన్ లెక్క

చెన్నై అంబత్తూరులోని మా గోడౌన్‌లో ఒకే హెల్త్ డ్రింక్ పౌడర్ రెండు లాట్లుగా వచ్చింది. మార్చిలో వచ్చిన 240 పెట్టెలకు ఎక్స్‌పైరీ నవంబరు 30. ఏప్రిల్ 1న వచ్చిన 120 పెట్టెలకు ఆగస్టు 31. నెలకు 60 పెట్టెలు అమ్ముడవుతాయి.

ఫిఫో ముందు వచ్చిన లాట్‌నే ముందు తీయమంటుంది. అది జులై చివరికి అయిపోతుంది. ఆగస్టులో రెండో లాట్‌లో 60 పెట్టెలే పోతాయి, మిగిలిన 60 పారేయాల్సిందే. ఫెఫో ఎక్స్‌పైరీ ముందున్న లాట్‌ను ముందు తీయమంటుంది కాబట్టి రెండో లాట్‌తో మొదలుపెడుతుంది. మే చివరికి అది, సెప్టెంబరు చివరికి మొదటిది అయిపోతాయి. ఒక్క పెట్టె కూడా వృథా కాదు.

అందుకే తినే సరుకుకు నా ఓటు ఫెఫోకే. నట్లు, బోల్టులకు ఫిఫో చాలు, తేదీలు ఎక్కించే పని తప్పుతుంది.

ఒక జాగ్రత్త: స్టాక్ లెక్కలు చూసే ఒడూ సాఫ్ట్‌వేర్‌లో ఫెఫో చూసేది ఎక్స్‌పైరీ తేదీని కాదు, సరుకును స్టాక్ నుంచి తీసేయాల్సిన `Removal Date`ను. పైగా బిన్‌లో ముందున్న పెట్టెనే కుర్రాళ్లు తీసేస్తే మొత్తం సంఖ్య సరిపోతుంది, లాట్లు మాత్రం తారుమారవుతాయి. సరుకును కొంత కొంతగా తరచూ లెక్కించే సైకిల్ కౌంట్‌లో లాట్‌వారీగా చూస్తేనే అది బయటపడుతుంది.