డ్వాక్రా అప్పా, మైక్రోఫైనాన్స్ అప్పా?

మైక్రోఫైనాన్స్‌లో పదివేలు తీసుకుంటే వారానికి 224 చొప్పున 50 వారాలు కట్టాలనుకోండి. మొత్తం 11,200. చూడ్డానికి రూపాయి వడ్డీ. కానీ అసలు వారం వారం తగ్గుతుంటే వడ్డీ మాత్రం మొత్తం పదివేల మీదే వేశారు. సగటున మన చేతిలో ఉన్నది ఐదువేల పైచిలుకే, కాబట్టి అది దాదాపు రెండు రూపాయల వడ్డీ.

ఇదంతా దురాశేనా? కాదు. ఏజెంట్ జీతం, పెట్రోలు కలిపి ఒక్కో అప్పుకి ఏడాదికి 600 అవుతుందనుకోండి. చేతిలో ఉండే ఆ ఐదువేల మీద అదే 12 శాతం. లక్ష అప్పుకైతే ఒక శాతం చిల్లర.

డ్వాక్రాలో ఈ వసూలు పని సంఘం ఆడవాళ్లే జీతం లేకుండా చేస్తారు. బ్యాంకుకి ఒకటే ఖాతా. వడ్డీ తక్కువ ఉండడానికి అదొక కారణం.

పూచీ రెండింటిలోనూ ఉంది. డ్వాక్రాలో ఒకరు తప్పితే సంఘం పొదుపు కొంత కాస్తుంది. మైక్రోఫైనాన్స్ గ్రూపులో పొదుపుండదు, పక్కింటావిడ అప్పటికప్పుడు తన డబ్బు తీయాలి. ఆ ఒత్తిడి ముదిరే 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ సంస్థల్ని కట్టడి చేసే ఆర్డినెన్సు వచ్చింది.

అయితే డ్వాక్రా డబ్బు ఆలస్యం. ఆసుపత్రి ఖర్చుకి అందదు. ఆగగలిగితే మాత్రం నా ఓటు దానికే.