ఎల్బోల మధ్య కట్ పీస్: టేకాఫ్ లెక్కతో ఏళ్ల తరబడి పనిచేశాక నా మాట

బట్ వెల్డ్ పైపింగ్ ఫ్యాబ్రికేషన్‌లో నేను రోజూ వాడే లెక్క ఇదొక్కటే. ఎల్బో సెంటర్ నుంచి దాని ముఖం, అంటే పైపుకి తగిలే కొస, దాకా ఉన్న దూరమే టేకాఫ్. వెల్డ్ కోసం జాయింటులో వదిలే సందు రూట్ గ్యాప్. సెంటర్ టు సెంటర్ కొలతలోంచి రెండు ఎల్బోల టేకాఫ్, రెండు రూట్ గ్యాపులు తీసేస్తే మిగిలేది పైపు ముక్క పొడవు. ఇన్నేళ్లు వాడాక చెప్తున్నా, లెక్క బంగారం లాంటిది, తేడా వచ్చిన ప్రతిసారీ అందులో వేసిన అంకెల్లోనే వస్తుంది.

ఒక 6 అంగుళాల లైన్ తీసుకుందాం. డ్రాయింగులో రెండు 90 డిగ్రీల ఎల్బోల సెంటర్ల మధ్య 1850 మిల్లీమీటర్లు ఉంది, రెండూ లాంగ్ రేడియస్. ఏఎస్ఎంఈ బి16.9 టేబుల్‌లో ఈ సైజుకి సెంటర్ నుంచి ముఖం దాకా 229. టేబుల్ చేతిలో లేకపోయినా నామినల్ సైజుని ఒకటిన్నరతో గుణిస్తే 9 అంగుళాలు, అంటే అదే 229. గ్యాప్ ఒక్కో జాయింటుకి 3 అనుకుంటే:

```
1850 - 229 - 229 - 3 - 3 = 1386
```

1386 కోసి పెడితే కూర్చుంటుంది. కానీ ఆ 229 మీద అంత నమ్మకం పెట్టుకోవద్దు, ఎందుకంటే అదే స్టాండర్డ్ ఈ కొలతకి 2 మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉండొచ్చని ఒప్పుకుంటుంది, రెండు ఎల్బోలూ ఒకే వైపు తప్పితే 4 పోయినట్టే. అందుకే కొలత టైట్‌గా ఉన్న స్పూల్‌కి నేను టేబుల్ చూసి కోయను, చేతిలో ఉన్న ఎల్బోనే కొలుస్తాను. మట్టంగా ఉన్న ప్లేటు మీద ఒక ముఖం కిందికి పెట్టి ఎల్బోని నిలబెట్టండి, అప్పుడు రెండో ముఖం గోడకి చూస్తున్నట్టు నిలువుగా ఉంటుంది. ప్లేటు నుంచి ఆ ముఖం కింది అంచు ఎంత ఎత్తుందో, పై అంచు ఎంత ఎత్తుందో రెండూ రాసుకోండి. 6 అంగుళాల దానికి సుమారు 145, 313 వస్తాయి, కలిపి సగం చేస్తే 229. ఒకవేళ 231 వస్తే లెక్కలో 231 వేయాలి, అంతే. ఎల్బోని తిప్పి రెండో వైపు కూడా చూడండి, రెండు వైపులా ఒకేలా ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఏ వైపు ముక్కకి తగులుతుందో చాక్‌పీస్‌తో గుర్తు పెట్టేస్తే ఫిట్టింగ్ అప్పుడు గొడవుండదు.

పెద్ద ప్రమాదం మాత్రం షార్ట్ రేడియస్ ఎల్బో కలిసిపోవడం. 6 అంగుళాల్లో దాని టేకాఫ్ 152 మాత్రమే, అంటే 77 మిల్లీమీటర్ల తేడా! ఒక చివర అది పడితే పై ముక్క 1386 కాదు, 1463 కోయాలి. ఎల్బో మీద పంచ్ చేసిన ఎల్ఆర్, ఎస్ఆర్ గుర్తు చదవకుండా గ్రైండర్ ముట్టుకోవద్దని కొత్తగా వచ్చిన తమ్ముళ్లకి మొదటి రోజే చెప్తాను.

కోసిన ఎల్బో అయితే టేబుల్ పనికిరాదు. సైట్‌లో 60 డిగ్రీలు కావాలంటే 90 ఎల్బోనే కోస్తాం కదా, దానికి ఈ ఫార్ములా:

```
take-off = R × tan(angle / 2)
```

R అంటే ఎల్బో వంపు వ్యాసార్థం, ఇక్కడ 229. 60 డిగ్రీలకి tan 30, అంటే 0.577, కాబట్టి 132. నమ్మకం లేకపోతే 45 వేసి చూడండి, 95 వస్తుంది, టేబుల్‌లోనూ అంతే ఉంటుంది.

ఇక గ్యాప్. 3 అనేది అందరికీ ఒకటే కాదు, వెల్డింగ్ ప్రొసీజర్‌లో ఏముందో చూసి, వెల్డర్ అన్నని అడిగి వేయాలి. పైగా వెల్డ్ అయ్యాక జాయింటు కాస్త లోపలికి లాగుతుంది, ఈ సైజు మామూలు మందం పైపులో మా దగ్గర ఒక్కోదానికి మిల్లీమీటరు దాకా చూశాం. అందుకని కొలత కీలకమైతే 1388 కోస్తాం. ట్యాక్ అయ్యాక, ఎల్బోలు రెండూ ఒకే వైపు తిరిగి ఉంటే, ఒకదాని ఎడమ అంచు నుంచి రెండోదాని ఎడమ అంచుకి టేప్ పెట్టండి. రెండూ ఒకే సైజు కాబట్టి అదే సెంటర్ టు సెంటర్. ట్యాక్ మీద 1852 చూపిస్తే కంగారు పడక్కర్లేదు, వెల్డ్ ఆ రెండూ తీసుకుంటుంది. ఎల్బో ముఖం మట్టం తప్పి ఉంటే మాత్రం ఈ కొలతే తప్పు చూపిస్తుంది, కాబట్టి ముందు మూలమట్టం పెట్టి చూసుకోండి.

ఈ లెక్కని నేను నమ్మని చోటు ఒకటే, పాత లైన్‌కి కొత్తది కలిపే చివరి ముక్క. అక్కడ డ్రాయింగు కొలతకీ సైట్‌లో నిజంగా ఉన్న దూరానికీ పొంతన ఉండదు. అందుకే షాపులో 100 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి పంపిస్తాం, రెండు వైపులా సపోర్టుల మీద కూర్చున్నాక అక్కడే మార్క్ చేసి కోస్తాం.