అమ్మానాన్నలకు కారు: ఆర్సీ ఎవరి పేరిట ఉండాలి, డబ్బు ఎవరి ఖాతా నుంచి వెళ్లాలి?

విదేశంలో ఉంటూ తల్లిదండ్రులకు కారు కొనేవారు ఏ మోడల్ తీసుకోవాలన్న దాని మీద నెలల తరబడి ఆలోచిస్తారు. ఆర్సీ ఎవరి పేరిట ఉండాలన్నది మాత్రం షోరూం వారు ఫారం నింపుతూ అడిగే దాకా గుర్తుకు రాదు. మోడల్ సంగతి నాన్న షోరూంకు వెళ్లి, సీట్లో కూర్చుని, దిగి, ఒకసారి నడిపి చూస్తే చాలా వరకు తేలిపోతుంది. పేరు విషయంలో చేసిన పొరపాటు మాత్రం కారు ఉన్నన్నాళ్లూ వెంటాడుతుంది. కనుక ఇక్కడ పోల్చి చూస్తున్నది ఆ రెండు దారులనే: కారును మన పేరిట కొని మన ఖాతా నుంచి చెల్లించడం ఒకటి, నాన్నకు డబ్బు కానుకగా పంపి ఆయన పేరిటే కొనిపించడం మరొకటి.

మొదటి దారి పైకి సులువుగా కనిపిస్తుంది. ఎన్నార్ఈ ఖాతా నుంచి డీలర్ ఖాతాకు ఆర్టీజీఎస్ చేస్తే డబ్బు పని అయిపోతుంది. ఇబ్బందులన్నీ ఆ తరువాతే మొదలవుతాయి. కారును రిజిస్టర్ చేసే రవాణా కార్యాలయం పరిధిలోని చిరునామాకు మన పేరిట రుజువు ఉండాలి, రిజిస్ట్రేషన్ దరఖాస్తు మీద మన సంతకం ఉండాలి, ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్‌కు వచ్చే ఓటీపీని మనం చెప్పగలగాలి. విదేశానికి వెళ్లాక పాత భారతీయ నంబరును వదిలేసిన వారికి ఈ చివరి దగ్గరే బండి ఆగిపోతుంది. నాన్నకు పవర్ ఆఫ్ అటార్నీ ఇద్దామంటే దానిని భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించాలి, లేదా అక్కడి నోటరీ చేత చేయించి, పత్రం మరో దేశంలో చెల్లేలా అక్కడి ప్రభుత్వం ఇచ్చే అపోస్టిల్ అనే ధ్రువీకరణ వేయించాలి. అది భారతదేశానికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు సుంకం కూడా కట్టాలి. రేపు కారును అమ్మాలన్నా యాజమాన్య బదిలీకి వాడే 29, 30 ఫారాల మీద సంతకం చేయవలసింది మనమే.

బాధ్యత కూడా పేరు వెంటే నడుస్తుంది. ప్రమాదం జరిగి నష్టపరిహారం కేసు ట్రైబ్యునల్‌కు వెళితే, ఆర్సీలో ఎవరి పేరుందో వారినే చట్టం యజమానిగా చూస్తుంది, కనుక నోటీసు మన పేరిట వస్తుంది.

నన్ను రెండో దారికి తిప్పినవి మాత్రం ఇవేవీ కావు, బీమా పాలసీలోని ఒక అంశం. కారు బీమాతో పాటు యజమాని-డ్రైవర్‌కు 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. పేరులోనే ఉన్నట్టు, ఇది వర్తించాలంటే ఆర్సీలో పేరున్న యజమాని స్వయంగా, చెల్లే లైసెన్సుతో, కారు నడుపుతూ ఉండాలి. కారు నా పేరిట ఉండి నాన్న నడుపుతుంటే, ప్రీమియం కట్టినా ఆ రక్షణ ఆయనకు అందదు. రోజూ నడిపే మనిషిని వదిలేసి, ఏడాదికి రెండు వారాలు వచ్చి పోయే నాకు బీమా చేయించుకోవడంలో అర్థమేముంది? నడిపేది జీతానికి పెట్టుకున్న డ్రైవర్ అయితే లెక్క మారుతుంది. అప్పుడు పేరు ఎవరిదైనా ఈ రక్షణ పనికిరాదు, డ్రైవర్‌కూ ప్రయాణికులకూ విడిగా కవర్ తీసుకోవాలి.

బీమాలోనే మరో లాభమూ ఉంది. నాన్న పాత కారు మీద క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లకు నో క్లెయిమ్ బోనస్ పేరుకుని ఉంటుంది, అది గరిష్ఠంగా 50 శాతం దాకా వెళుతుంది. ఆ బోనస్ కారుకు కాక యజమానికి చెందుతుంది. పాత కారు అమ్మినప్పుడు బీమా సంస్థ నుంచి ఆ మేరకు లేఖ తీసుకుంటే, ఆయన పేరిట కొన్న కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మన కారుకే జరిగే నష్టానికి కట్టే భాగంలో, తగ్గింపు వస్తుంది. ఆ భాగం 30 వేలు ఉంటే 15 వేలు మిగులుతాయి. కారు నా పేరిట కొంటే ఆయన బోనస్ నాకు రాదు.

ఇక డబ్బు సంగతి. కొడుకు గానీ కూతురు గానీ తల్లిదండ్రులకు ఇచ్చే కానుకపై, మొత్తం ఎంతయినా, భారతదేశంలో ఆదాయపు పన్ను లేదు. ఎన్నార్ఈ ఖాతా నుంచి నాన్న సేవింగ్స్ ఖాతాకు బదిలీ చేసి, తేదీ, మొత్తం, బంధుత్వం రాసిన ఒక చిన్న కానుక పత్రం మీద ఇద్దరూ సంతకాలు చేసి దాచుకుంటే, రేపు ఎవరైనా అడిగినా చూపించడానికి ఆధారం ఉంటుంది. అమెరికాలో ఉన్నవారు ఒక్కరికే ఏడాదిలో 19,000 డాలర్లు (2025 పరిమితి) మించి ఇస్తే అక్కడ కానుకల పన్ను రిటర్ను అయిన ఫారం 709 దాఖలు చేయాలి. సాధారణంగా అది సమాచారం కోసమే, పన్ను పడదు. ఆ మొత్తాన్ని అమ్మకు కొంత, నాన్నకు కొంతగా పంపితే ఆ ఫారం అవసరం కూడా తప్పవచ్చు.

కారు ధర 10 లక్షలు దాటితే డీలర్ 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే తీసుకునే ఆదాయపు పన్ను, వసూలు చేసి, ఇన్వాయిస్‌లో ఉన్న పాన్ కింద జమ చేస్తారు. మేము కొన్న కారు ధర 11,40,000, దాని మీద 11,400 పడింది. ఇది వేరే ఖర్చు కాదు, రిటర్ను దాఖలు చేస్తే వెనక్కి వస్తుంది. పెన్షన్‌దారు అయిన మా నాన్న ఏటా రిటర్ను వేస్తారు కనుక అది తేలిగ్గానే తిరిగి వచ్చింది. నా పేరిట కొని ఉంటే, భారతదేశంలో మరే ఆదాయమూ లేని నేను ఆ 11,400 కోసమే రిటర్ను వేయవలసి వచ్చేది. పైగా, ఆదాయపు పన్ను శాఖ రికార్డుల్లో ఇంకా నివాసిగానే నమోదై ఉన్న ప్రవాసుల పాన్, ఆధార్ జతచేయని కారణంగా నిష్క్రియమై ఉండవచ్చు. అలాంటి పాన్ మీద టీసీఎస్ 1 శాతం కాక 5 శాతం పడుతుంది.

నాన్న పేరిట అనుకున్న తరువాత కూడా నేను ఒక పొరపాటు చేశాను. బుకింగ్ మొత్తం చిన్నదే కదా అని నా కార్డుతో కట్టాను. డీలర్ రసీదు నా పేరిట ఇచ్చారు, ఆ రసీదు ఆధారంగా, అసలు బిల్లుకు ముందు ఇచ్చే ప్రొఫార్మా ఇన్వాయిస్ కూడా నా పేరిటే తయారైంది. మిగిలిన డబ్బు పంపే ముందు దానిని అక్షరం అక్షరం చదవబట్టి దొరికింది, లేకపోతే తాత్కాలిక రిజిస్ట్రేషన్ దాకా వెళ్లి ఉండేది. కనుక మొదటి రూపాయి నుంచి చివరి రూపాయి దాకా కొనే మనిషి ఖాతా నుంచే వెళ్లాలి. పూర్తి మొత్తం కట్టే ముందు కారుకు ఛాసిస్ నంబరు కేటాయించారా, కారు మీద చెక్కిన నంబరు ఇన్వాయిస్‌లోని నంబరుతో కలుస్తోందా అన్నది వీడియో కాల్‌లో చూసుకున్నాము. డీలర్ ఖాతా వివరాలను వాట్సాప్ సందేశం నుంచి కాక, షోరూంలో చేతికిచ్చిన ప్రొఫార్మా నుంచే తీసుకున్నాము.

రెండో దారికీ పరిమితులున్నాయి. నాన్న పేరిట అప్పటికే ఒక కారు ఉండి, దానిని అమ్మకుండా ఉంచుకుంటే, తెలుగు రాష్ట్రాల్లో రెండో వాహనానికి జీవితకాల పన్ను అదనంగా 2 శాతం పడుతుంది. మా కారు ధర మీద అది 22,800. అప్పుడు అమ్మ పేరు మేలనిపిస్తుంది గానీ, నడిపేది నాన్నే అయితే ఆ 15 లక్షల రక్షణ మళ్లీ ఆయనకు దూరమవుతుంది. 22,800 కోసం దానిని వదులుకోవడం నాకు సమ్మతం కాదు. నాన్న లైసెన్సు గడువును కూడా ముందే చూడాలి, 55 ఏళ్లు దాటాక అది ఐదేళ్లకొకసారి పునరుద్ధరించవలసి ఉంటుంది. గడువు తీరితే పేరు ఆయనదైనా ఆ రక్షణ చెల్లదు.

కాబట్టి స్వయంగా కారు నడిపే తల్లి గానీ తండ్రి గానీ ఉంటే వారి పేరే మేలని నా అభిప్రాయం. ఇద్దరిలో ఎవరూ నడపక డ్రైవర్‌ను పెట్టుకుంటున్నా, లేదా మీరు ఒకటి రెండేళ్లలో తిరిగి వచ్చి ఆ కారును మీరే వాడుకోబోతున్నా, మీ పేరిట కొనడం సమంజసమే. వారి పేరిట కొన్నప్పుడు రిజిస్ట్రేషన్ దరఖాస్తులోనే నామినీ గడిలో మీ పేరో మీ తోబుట్టువు పేరో రాయించండి. 2021లో వచ్చిన ఈ సదుపాయం వల్ల, రేపు యజమాని లేకపోయినా కారు బదిలీ తేలికవుతుంది.