వాట్సాప్ అని చెప్పినా వినని ఏఐ ప్యాకేజీ: లాడ్జి వాళ్లు కొనేముందు ఇది చదవండి

తిరుపతిలో లాడ్జీలు, హోంస్టేల చుట్టూ తిరిగి "గెస్టులకు మెసేజ్‌లు రాసిపెట్టే ఏఐ" అని ఒక ప్యాకేజీ అమ్ముతున్నారు. ఏడాది డబ్బు ముందే కట్టించుకుంటారు. మా లాడ్జికి తీసుకున్నాం. తెలుగు బాగానే రాస్తుంది, అందులో పేచీ లేదు. ఆ మెసేజ్ ఏ యాప్‌లోకి వెళ్తుందో మనం చెప్పినా పట్టించుకోదు, తలనొప్పంతా అక్కడే.

గది బుక్ చేసుకున్నవాళ్లకు అద్దె, చెక్-ఇన్ సమయం, దారి ఒకే మెసేజ్‌లో కావాలని, దాన్ని వాట్సాప్‌లో పేస్ట్ చేస్తామని మొదటి వాక్యంలోనే రాశాం. వచ్చింది ఈ వరస:

```
## గది అద్దె
| గది | అద్దె |
|---|---|
| **ఏసీ** | ... |
[మ్యాప్](https://...)
```

అమ్మేవాళ్ల ల్యాప్‌టాప్‌లో ఇది ముచ్చటగా ఉంటుంది. ఈ గుర్తులను వాళ్ల పేజీ పెద్దక్షరాలుగా, టేబుల్‌గా మార్చి చూపిస్తుంది మరి. వాట్సాప్‌కు శీర్షికా లేదు, టేబులూ లేదు. ## అలాగే మిగులుతుంది, గీతలు చిన్న స్క్రీన్‌లో విరిగి కింది వరుసకు జారతాయి. "ఏందన్నా ఈ చుక్కలు, ఫోన్‌కి వైరస్ వచ్చిందా?" అన్నాడు మా రిసెప్షన్ కుర్రాడు. వాట్సాప్‌లో బోల్డ్‌కు అటొకటి ఇటొకటి నక్షత్రం చాలు, లింకు నేరుగా పెట్టాలి. రావాల్సింది ఇంతే:

```
*గది అద్దె*
ఏసీ: ...
నాన్ ఏసీ: ...
మ్యాప్: https://...
```

తను రాసింది ఎక్కడ తెరుచుకుంటుందో ఏఐకి కనబడదు. మనం ఏమీ చెప్పనప్పుడు గుర్తుల్లేకుండా మామూలు వాక్యాలు రాస్తే ఎక్కడ పెట్టినా చెడిపోవు. చెప్పాక మాత్రం ఊహతో పనేముంది, మనం చెప్పిందే లెక్క. "మా స్క్రీన్‌కు సెట్ చేసేశాం సార్, అది మారదు" అని అమ్మినాయన తేల్చేశాడు. అసలు లోపం ఇదే, డెమోలో మాత్రం బయటపడదు.

"గెస్టులు వాట్సాప్‌లో అడుగుతుంటారు" అని మాటవరసకు అంటే దానికి అర్థం కాకపోవచ్చు, అది వేరే సంగతి. "ఇది వాట్సాప్‌లో పేస్ట్ చేస్తాను" అని విడమరిచి చెప్పినా మారకపోతే ఆ సరుకు మనకు పనికిరాదు.

డెమోకు వస్తే వాళ్ల స్క్రీన్ చూడకండి. రాయించింది మీ ఫోన్‌లోనే పేస్ట్ చేసి, ఇంకో నంబరుకు పంపి చూడండి. తర్వాత అదే సంభాషణలో "ఇప్పుడు ఎస్సెమ్మెస్‌కు కావాలి" అని అడగండి. అక్కడ బోల్డ్ అనేదే ఉండదు కాబట్టి నక్షత్రాలన్నీ పోవాలి. తెలుగు ఎస్సెమ్మెస్ ఒక్కోటి 70 అక్షరాలకే నిండిపోతుంది, గుణింతాలు, ఒత్తులు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. అందుకని మాట కూడా కురచ కావాలి. మళ్లీ రెండు మూడు వేరే మెసేజ్‌లు రాయించి, యాప్ పేరు గుర్తుంచుకుందో, ##లు తిరిగొచ్చాయో చూడండి.

డబ్బు వెనక్కి అడిగితే "కొత్త వర్షన్‌లో సరిచేస్తాం" అంటున్నారు. ఎప్పుడో చెప్పరు. కడితే నెలకే కట్టండి.