మెష్ మొత్తం సన్నం చేయాలా, హోల్ దగ్గర ఒక్కచోట చేస్తే చాలా, క్వాడ్రాటిక్‌కి మారిపోవాలా: ఏది మేలు?

విజయవాడ ఆటోనగర్‌లో ట్రైలర్ బాడీలు కట్టేవాళ్లకి కావాల్సింది ఒక్కటే ముక్క, ప్లేటు ఆగుతుందా ఆగదా. మన ఫైనలియర్ పిల్లలేమో FEA సాఫ్ట్‌వేర్‌లో ప్లేటుని చిన్న చిన్న ఎలిమెంట్లుగా విడగొట్టి, అంటే మెష్ వేసి, రంగురంగుల స్ట్రెస్ బొమ్మ చూపించి 110 ఎంపీఏ వచ్చింది సార్ అంటారు, సరే మెష్ సగం చేస్తే ఎంత వస్తుందమ్మా అని అడిగితే అక్కడ ఆగిపోతారు. మెష్ మారిస్తే అంకె మారుతుందేమో చెక్ చేయాలని అందరికీ తెలుసు గానీ ఎలా చేయాలన్న దగ్గరే మూడు దారులున్నాయి, మూడూ ఒకే ప్లేటు మీద పెట్టి చూద్దాం.

ప్లేటు ఇది. 10 ఎంఎం మందం, 100 ఎంఎం వెడల్పు, 300 ఎంఎం పొడవు, మధ్యలో 20 ఎంఎం హోల్. ఒక చివర ఈ పట్టీ 160 ఎంఎం వెడల్పుకి పెరుగుతుంది, ఆ పెరిగేచోట లోపలి మూల డ్రాయింగ్‌లో నిక్కచ్చిగా 90 డిగ్రీలు, రేడియస్ ఏమీ ఇవ్వలేదు. లాగే లోడు 40 కిలోన్యూటన్లు. హోల్ దగ్గర మిగిలిన వెడల్పు 80 కాబట్టి సగటు స్ట్రెస్ 40000/800, అంటే 50 ఎంపీఏ. హోల్ అంచున ఎంత వస్తుందో చేత్తోనే తెలుసు, అది సగటుకి ఎన్ని రెట్లో చెప్పే అంకె Kt, హోల్‌కీ వెడల్పుకీ నిష్పత్తి 20/100 ని హేవుడ్ ఫార్ములాలో వేస్తే

Kt = 2 + (1 − 0.2)³ = 2.512

అంటే సుమారు 125.6 ఎంపీఏ. జవాబు ముందే చేతిలో ఉంది కాబట్టే ఈ ప్లేటు తీసుకున్నా. నిజానికి ఇలాంటి చదును ప్లేటుకి 2డీ ప్లేన్ స్ట్రెస్ చాలు, 3డీ అక్కర్లేదు, కానీ మనవాళ్లు క్యాడ్ ఫైల్ వచ్చిందంటే 3డీలోనే చేస్తారు కదా, అందుకని 3డీ లెక్కే చెప్తున్నా. కింద వచ్చే మెష్ అంకెలు విషయం తెలియడానికి నేను వేసుకున్నవి, మీ సాఫ్ట్‌వేర్‌లో దశాంశాలు వేరేగా వస్తాయి, నడక మాత్రం ఇలాగే ఉంటుంది.

మొదటి దారి, మొత్తం మెష్ సన్నం చేయడం. ఎలిమెంట్ సైజు 4, 2, 1, 0.5 ఎంఎం అని ప్రతిసారీ సగం చేసుకుంటూ పోవడమే, ఆలోచించే పని లేదు, అందుకే అందరికీ ఇదే ఇష్టం. కానీ 3డీలో సైజు సగమైతే ఎలిమెంట్లు ఎనిమిది రెట్లు అవుతాయి. మన 300 ఎంఎం పట్టీలోనే 4 ఎంఎం ఇటుక ఎలిమెంట్లు అయితే 4,700 దాకా, 1 ఎంఎం అయితే 3 లక్షలు, 0.5 కి వచ్చేసరికి 24 లక్షలు. ల్యాబ్‌లో 16 జీబీ ర్యామ్ మెషీన్ మీద డైరెక్ట్ సాల్వర్‌కి ఇది మోయలేని బరువు, సిస్టం హ్యాంగ్ అయిందని మనం అనుకుంటాం గానీ అది డిస్క్ మీద రాసుకుంటూ ఏడుస్తూ ఉంటుంది.

ఖర్చు అలా ఉంచండి, అసలు చిక్కు వేరే ఉంది. హోల్ అంచున స్ట్రెస్ 110, 121, 124.3, 125.3 అని పెరుగుతూ ఒక అంకె దగ్గర సర్దుకుంటుంది, ప్రతి మెట్టుకీ పెరుగుదల తగ్గుతోంది, కన్వర్జ్ అవడం అంటే ఇదే, బాగుంది. అదే మోడల్‌లో ఆ నిక్కచ్చి మూల దగ్గర 80, 110, 150, 206 వస్తుంది. ఇప్పుడు పిల్లలు రిపోర్టులో రాసే మాక్సిమం స్ట్రెస్ ఒక్కటే చూస్తే 110, 121, 150, 206, మొదటి రెండూ హోల్‌వి, తర్వాత రెండూ మూలవి, స్పాటు మారిపోయిందని ఎవరూ గమనించరు, ఏంటి సార్ కన్వర్జ్ అవట్లేదు అంటారు. ఇంకోసారి సగం చేస్తే 283 వస్తుంది. మనం వాడే E250 ప్లేటుకి IS 2062 ప్రకారం ఈ మందంలో యీల్డ్ 250. అంటే 4 ఎంఎం మెష్‌లో పాసైన ప్లేటు 0.25 మెష్‌లో ఫెయిల్, లోడు మారలేదు, స్టీలు మారలేదు!

ఆ మూల ఎప్పటికీ కన్వర్జ్ కాదు. విలియమ్స్ 1952లోనే చూపించాడు, ఇలాంటి 90 డిగ్రీల లోపలి మూల దగ్గర ఎలాస్టిక్ లెక్కలో స్ట్రెస్ దూరానికి మైనస్ 0.4555 పవర్‌లో పెరుగుతూ అనంతానికి పోతుంది. కాబట్టి ఎలిమెంట్ సగం చేసిన ప్రతిసారీ 2 పవర్ 0.4555, అంటే 1.37 రెట్లు. పై అంకెలు చూడండి, 80 నుంచి 110, 110 నుంచి 150, ప్రతి మెట్టుకీ అదే 37 శాతం. దీన్ని పట్టుకోవడానికి మూడు మెష్‌లు చాలు:

```python
from math import log
f3, f2, f1 = 110.0, 121.0, 124.3   # 4, 2, 1 mm
p = log((f3 - f2)/(f2 - f1))/log(2)
print(p, f1 + (f1 - f2)/(2**p - 1))
```

సైజు తగ్గేకొద్దీ తప్పు ఎంత వేగంగా తగ్గుతోందో చెప్పేది p. హోల్ అంకెలు వేస్తే p 1.74 వస్తుంది, ఎలిమెంట్ సైజు సున్నా అయితే ఎంత వచ్చేదో ఆ అంచనా 125.7, చేతి లెక్క 125.6 కి ఆనుకుని ఉంది. ఇందులోనే మూల దగ్గరి అంకెలు దశాంశాలతో సహా 80, 109.7, 150.4 వేసి చూడండి, p మైనస్ 0.455 వస్తుంది, అంచనా దాదాపు సున్నా, అర్థం లేని అంకె. p మైనస్ వచ్చిందంటే అక్కడ మెష్ తప్పు కాదు, జామెట్రీయే తప్పు.

రెండో దారి, కావాల్సిన చోట మాత్రమే సన్నం చేయడం. హోల్ చుట్టూ 5 ఎంఎం రింగులో మాత్రం 0.5 పెట్టి మిగతాదంతా 4 ఎంఎం ఉంచితే ఆ రింగులో 31 వేల చిల్లర ఎలిమెంట్లు పడతాయి, సన్నం నుంచి లావుకి మెల్లగా మారే భాగం కలుపుకున్నా లక్ష లోపే. 24 లక్షలతో వచ్చే 125.3 ఇక్కడా వస్తుంది, అదీ రెండు టీలు తాగేలోపు. నా ఓటు దీనికే, కానీ దీంట్లో దొంగ దెబ్బలు రెండున్నాయి.

ఒకటి, చుట్టూ ఉన్న లావు మెష్ లోడుని సరిగ్గా తీసుకురాకపోతే హోల్ దగ్గర ఎంత సన్నం చేసినా తప్పు అంకె దగ్గరే కుదురుగా కన్వర్జ్ అవుతుంది. మన ప్లేటు నేరుగా లాగేది కాబట్టి ఆ భయం తక్కువ. అదే వంగే బ్రాకెట్ అయి, మందంలో ఒకే ఒక్క లీనియర్ ఎలిమెంట్ పడిందనుకోండి, బెండింగే తప్పు వస్తుంది. అందుకే ఒక్కసారి మాత్రం మొత్తం మెష్ సగం చేసి, చివరి డిస్‌ప్లేస్‌మెంటూ, హోల్‌కి దూరంగా ఒక చోట స్ట్రెస్సూ కదిలాయా లేదా చూడండి, కదలకపోతే ఇక లోకల్‌కి దిగొచ్చు. రియాక్షన్ చూసి సరిపోయింది అనుకోవద్దు, మెష్ ఎంత చెత్తగా ఉన్నా రియాక్షన్ మొత్తం 40 కిలోన్యూటన్లే వస్తుంది.

రెండోది ఇంకా కంటికి కనపడనిది. 4 ఎంఎం మెష్‌లో లీనియర్ ఎలిమెంట్లయితే ఆ హోల్ గుండ్రంగా ఉండదు, 16 పలకలుంటాయి. కొంతమంది ఎలిమెంట్లని అక్కడికక్కడే ముక్కలు చేసే ఆప్షన్ వాడతారు, కొత్త నోడ్లు పాత గీత మీదే పడతాయి తప్ప క్యాడ్‌లోని వలయం మీదకి వెళ్లవు, హోల్ ఆ 16 పలకలతోనే ఉండిపోతుంది, ప్రతి పలక చివరా ఒక చిన్న లోపలి మూలే, కాబట్టి అక్కడ కూడా స్ట్రెస్ మెల్లమెల్లగా పెరుగుతూనే ఉంటుంది. అంచు దగ్గరికి జూమ్ చేసి చూస్తే తెలిసిపోతుంది. మెష్ ముక్కలు చేయకుండా క్యాడ్ నుంచి మళ్లీ కొత్తగా వేయించుకోండి.

మూడోది ఎలిమెంట్ ఆర్డర్ పెంచడం, అంటే అబాకస్ పేర్లలో చెప్పాలంటే నాలుగు నోడ్ల లీనియర్ టెట్రాహెడ్రన్ C3D4 తీసేసి పది నోడ్ల క్వాడ్రాటిక్ C3D10 పెట్టడం. ఆటో మెష్ కొట్టేవాళ్లకి దీనికి మించిన లాభం ఇంకోటి లేదు. నాలుగు నోడ్ల టెట్‌లో స్ట్రెస్ ఎలిమెంట్ మొత్తానికి ఒకే అంకె, హోల్ అంచున అది నిటారుగా పడిపోతుంటే మెట్లు మెట్లుగా తప్ప చూపించలేదు, వంగాల్సిన చోట మరీ బిర్రబిగుసుకుపోతుంది. పది నోడ్లదానికి మధ్య నోడ్లుంటాయి, హోల్ వంపుని కూడా అనుసరిస్తుంది. కానీ ఆర్డర్ మార్చడం అంటే చెక్ చేసినట్టు కాదు, మంచి ఎలిమెంట్‌తో మొదలుపెట్టినట్టు మాత్రమే, సైజు సగం చేసి చూడటం అప్పుడూ తప్పదు. ఆ నిక్కచ్చి మూలకి మాత్రం ఇది కూడా ఏమీ చేయలేదు.

ఏ దారిలో వెళ్లినా రెండు మెష్‌ల తేడా 5 శాతం లోపుంటే చాలు అనే రూలు గురించి ఒక మాట. 4 ఎంఎం నుంచి 3.8 కి మార్చి చూస్తే మన హోల్ స్ట్రెస్ 110 నుంచి 111.3 కి వెళ్తుంది, తేడా 1.2 శాతం, కన్వర్జ్డ్ అని రాసేస్తారు, అసలు జవాబుకి ఇంకా 11 శాతం కింద ఉన్నా సరే. మెష్ పెద్దగా మారకపోతే జవాబు ఎందుకు మారుతుంది? సగం చేయండి, అదీ ఒకే పాయింట్ దగ్గర చదవండి, మాక్సిమం ఎక్కడుంటే అక్కడ కాదు. ఇంకోటి, యావరేజ్ చేసిన ప్లాట్ ఆపేసి చూస్తే పక్కపక్క ఎలిమెంట్లు ఒకే నోడ్ దగ్గర 95, 125 అని కొట్టుకుంటున్నాయేమో బయటపడుతుంది, అలా ఉంటే ఆ మెష్ ఇంకా లావే.

కాబట్టి ఈ ప్లేటుకి నేనైతే C3D10 తో 4 ఎంఎం మెష్ వేసి, ఒకసారి మొత్తం సగం చేసి డిస్‌ప్లేస్‌మెంట్ చూసుకుని, తర్వాత హోల్ చుట్టూ మాత్రమే 2, 1, 0.5 కి దిగుతా. మూల దగ్గర అసలు రేడియస్ గీసి, ఆ వంపు మీద మళ్లీ ఇదే వరస. రేడియస్ ఎంత పెట్టాలన్నది మాత్రం కంప్యూటర్ ముందు కూర్చుని తేల్చేది కాదు, గ్యాస్ కటింగ్‌లో ఆ మూల ఎంత గుండ్రంగా వస్తోందో ఆటోనగర్ వెళ్లి రేడియస్ గేజ్ పెట్టి చూడాల్సిందే. మోడల్‌లో 5 ఎంఎం పెట్టి షాపులో 2 ఎంఎం వస్తుంటే అంకె చక్కగా కన్వర్జ్ అవుతుంది, వాళ్లు చేయని ప్లేటుకి.