మూడు కార్తీకాలు క్యాప్షన్లతో: మా అత్తయ్యగారి టీవీలో పురాణం

మా అత్తయ్యగారికి 76 ఏళ్లు. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతలే గుడి. కార్తీకమాసం వస్తే సాయంత్రం పురాణానికి ముందు వరసలో కూర్చునేవారు. వినికిడి ఏడాదికేడాదికి తగ్గుతూ వచ్చి చివరికి వెళ్లడం మానేశారు. చెవి మిషన్ పెట్టుకుంటే చప్పుడు పెరుగుతుంది గానీ మాట విడిపడదు. మైకు, హాల్లో ప్రతిధ్వని, వెనక శ్రుతిపెట్టె, అన్నీ కలిసి ఒకే హోరు. అందుకని మూడేళ్లుగా ఇంట్లో 43 అంగుళాల టీవీ మీద క్యాప్షన్లు పెట్టి చూపిస్తున్నాను. ఏది పనికొచ్చిందో, ఏది కాలేదో రాస్తే ఇలాంటి పెద్దవాళ్లున్న ఇళ్లకు ఉపయోగపడుతుందని ఇది.

మొదటి ఏడాది వీడియో యాప్ దానంతట అది రాసే క్యాప్షన్ల మీదే ఆధారపడ్డాం. ప్రవచనకర్త మామూలుగా మాట్లాడుతున్నంతసేపు పర్వాలేదు, కథ అందేది. శ్లోకంలోకో పద్యంలోకో వెళ్లగానే చెడేది. గజేంద్రమోక్షంలో "ఎవ్వనిచే జనించు జగ మెవ్వనిలోపల నుండు లీనమై" అన్నచోట తెర మీద "జగమే వాని లోపల" అని వచ్చింది. సంధి తప్పుగా విరిగింది. పోతన అడిగిన ప్రశ్న కాస్తా జవాబైపోయింది. పిచ్చి అక్షరాలు పడితే తప్పని ఎవరికైనా తెలుస్తుంది. ఇలా అర్థం ఉన్నట్టే కనిపించే తప్పును చెవి వినపడని మనిషి పట్టుకోలేరు, వారికి తెర మీద ఉన్నదే ప్రమాణం. అత్తయ్యగారికి ఆ పద్యం కంఠస్థం కాబట్టి పట్టుకున్నారు. తెలియని శ్లోకమైతే అదే నిజమనుకునేవారు.

ఇంకో ఇబ్బంది, ఆ అక్షరాలు మాట వెనక మాటగా పాకుతూ వస్తాయి. రెండో వరస నిండగానే మొదటిది పైకి ఎగిరిపోతుంది. పెద్దవాళ్లు వాక్యం మొత్తాన్ని ఒక్క చూపులో చదవాలనుకుంటారు, పరుగెత్తే అక్షరాల వెంటపడలేరు. సెట్టింగుల్లో అక్షరం పెద్దది చేస్తే వరసలు విరిగి మూడయ్యాయి, దేవుడి పాదాలు కప్పేశాయి.

స్తోత్రం వీడియోల్లో తెర నిండా సాహిత్యం వేస్తారు కదా, అవీ చాలా చూశాం. వాటిలో అక్షరదోషాలు తక్కువ. కానీ పసుపు మీద ఎరుపు, ఎరుపు మీద పసుపు ఎక్కువ. పసుపు కుంకుమల రంగులని మనకు ఇష్టం. ఆ రెండు రంగుల వెలుగు తేడా ఎన్ని రెట్లో లెక్కగడితే 3.7 చిల్లర వస్తుంది. వెబ్ పేజీలకు పాటించే ప్రమాణంలో మామూలు అక్షరానికి కనీసం 4.5, పెద్ద అక్షరానికి 3 ఉండాలి. అంటే కాగితం మీద లెక్క చూస్తే పెద్ద అక్షరాలకు సరిపోయినట్టే. శుక్లాలు మొదలైన కంటికి మాత్రం అంచు చెదిరిపోతుంది. వెనక అభిషేకం కదులుతూ ఉంటే మరీను. నలుపు మీద పసుపుకు అదే లెక్క 19 దాటుతుంది. మా ఇంట్లో నిలిచింది అదే.

రెండో కార్తీకం నుంచి గుడివాళ్లను అడిగి, పురాణం రికార్డు చేసిన ఫైళ్లు తెచ్చుకుని నేనే క్యాప్షన్లు రాస్తున్నాను. Subtitle Edit అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో శబ్దం గీతలా కనిపిస్తుంది, మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూసి గుర్తు పెట్టుకోవచ్చు. గంట ప్రవచనానికి మొదట్లో ఆరు గంటలు పట్టింది, ఇప్పుడు నాలుగు. యంత్రం రాసినదాన్ని దిద్దితే వచనానికి టైము కలిసొస్తుంది. పద్యానికి మాత్రం అది చెరిపేసి పుస్తకం చూసి కొత్తగా కొట్టడమే తేలిక.

మొదటి ఫైలు చూపించినప్పుడు అత్తయ్యగారు అడిగిన మొదటి మాట, "అమ్మాయ్, ఇప్పుడాయన పద్యం చదువుతున్నారా, మాట్లాడుతున్నారా?" చెవి ఉన్నవాళ్లకు రాగం ఎత్తుకోగానే తెలిసిపోయే సంగతి అది. అప్పటి నుంచి మాటలు తెలుపులో, పద్యం శ్లోకం పసుపులో ఇస్తున్నాను:

```
112
00:18:42,300 --> 00:18:53,900
<font color="#FFFF00">ఎవ్వనిచే జనించు జగ మెవ్వనిలోపల నుండు లీనమై</font>
```

వరస పొడుగు ఎంతుండాలన్నది కూడా పద్యమే తేల్చింది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. పాదం రెండుగా విరిగితే ఆవిడకు చదువు సాగదు, యతి ఎక్కడో కంటికి తెలియదు. కాబట్టి చంపకమాల పాదం ఒక్క వరసలో పట్టేంత వరకే అక్షరం పెంచాను. అంతకు మించి పెంచితే చూడ్డానికి బాగుంటుంది గానీ పద్యం విరుగుతుంది. ఇదే పద్యంలో ఇంకో చిక్కు ఉంది. రెండో పాదం "మూలకారణం" దగ్గర ఆగి, "బెవ్వఁ డనాది" అని మూడో పాదం మొదలవుతుంది. మాట మధ్యలో తెగింది కదా అని మొదట్లో సంధి విడదీసి రాశాను. ఆవిడ ఒప్పుకోలేదు. చదివేవారు ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడే తుంచమన్నారు. ఆయన పెదవుల కదలికకూ తెర మీది వరసకూ అప్పుడే పొంతన కుదిరింది.

వచనంలో చిక్కు వేగం. మా పౌరాణికులు ఉత్సాహంలో ఉన్నప్పుడు పది సెకన్లలో 60 అక్షరాల దాకా పలుకుతారు. అత్తయ్యగారు హాయిగా చదవగలిగేది 40. చెప్పింది చెప్పినట్టు ఇవ్వాలనే నా పట్టుదల. అయినా "అంటే", "చూడండి", రెండోసారి అన్న అదే మాట, ఇలాంటివి తీసేస్తాను. ఆయన చప్పట్ల కోసమో నీళ్ల కోసమో ఆగినప్పుడు ఆ ఖాళీలోకి క్యాప్షన్ కాస్త సాగదీస్తాను. చమత్కారాలు, పేర్లు, పద్యంలోని మాటలు ముట్టుకోను. "[అందరూ నవ్వారు]", "[గంట మోగింది]", "[గోవింద నామం]" అని కూడా వేస్తాను. అది లేనప్పుడు జనం ఎందుకు చేతులెత్తారో తెలియక ఆవిడ నా వంక చూసేవారు.

అక్షరాల విషయానికొస్తే, పోస్టరు మీద వేసే లావు ఫాంట్లు దూరానికి బాగా కనిపిస్తాయనుకున్నాను. లావెక్కిన కొద్దీ అక్షరం లోపలి ఖాళీ పూడుకుపోతుంది. "థ"లో చుక్క కనపడదు, "ద"కూ "ధ"కూ తేడా కింది చిన్న గీతే, అదీ కలిసిపోతుంది. మరీ సన్నవైతే తెర వెలుగులో కరిగిపోతాయి. మండలి ఫాంటు చక్కగా ఉంటుంది గానీ అందులో ఒకే మందం ఉంది. మాకు నోటో సాన్స్ తెలుగు కుదిరింది. వరసల మధ్య ఎడం తగ్గించకండి, "లక్ష్మ్యై" లాంటి చోట ఒత్తు కింద ఒత్తు వచ్చి కింది వరస తలకట్టును తాకుతుంది.

ఈ క్యాప్షన్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెడితే మా టీవీలో ఒత్తులు విడిపోయి పక్కన పడ్డాయి. కొన్ని టీవీల్లోని ప్లేయర్లకు తెలుగు అక్షరాలు కూర్చడం రాదు. కంప్యూటర్లో సరిగ్గా ఉండి టీవీలోనే చెడితే కారణం అదే. అన్నీ ప్రశ్నార్థకాలుగా వస్తే మాత్రం ఫైలు UTF-8లో సేవ్ కాలేదని అర్థం. చివరికి ffmpeg అనే ఉచిత ప్రోగ్రాంలో ఈ కమాండ్ ఇచ్చి క్యాప్షన్లను వీడియోలోనే అచ్చు వేసేస్తున్నాను:

```
ffmpeg -i puranam.mp4 -vf "subtitles=puranam.srt:force_style='FontName=Noto Sans Telugu,FontSize=32,BorderStyle=3,MarginV=20'" -c:a copy puranam_tv.mp4
```

BorderStyle=3 అంటే అక్షరం వెనక నల్ల పట్టీ. MarginV కింద వదిలే ఖాళీ, అది లేకపోతే టీవీ అంచు కింది ఒత్తులను మింగేస్తుంది. గంటసేపటి వీడియో అంతా చేసేముందు "-t 60" కలిపి ఒక్క నిమిషం ముక్క తీసి, మంచం దగ్గర నుంచి చదివించి చూడండి. ఇలా అచ్చు వేశాక ఆపడానికి, పెంచడానికి వీలుండదు. అందుకే అసలు ఫైళ్లు రెండూ విడిగా దాచుకుంటాను.

పక్కవాటాలో బాబాయిగారికి గ్లకోమా, చూపు దాదాపు పోయింది. ఆయనకు పురాణంతో ఇబ్బంది లేదు, అంతా మాటే. దసరాలో అమ్మవారి అలంకారాల వీడియోలతోనే బాధ. నాదస్వరం తప్ప ఏమీ వినపడదు. మూలా నక్షత్రం రోజు సరస్వతీ అలంకారం వీడియోకు నేనే గొంతిచ్చి చూశాను. మొదటిసారి "ఎంత అందంగా ఉందో" అని మొదలుపెడితే ఆయన ఆపేశారు. "అందం సంగతి నేను చూసుకుంటానమ్మా, చీర ఏ రంగో చెప్పు, వీణ ఎటుందో చెప్పు." భద్రాచలం కల్యాణానికి ఉషశ్రీగారు రేడియోలో చెప్పిన ప్రత్యక్ష వ్యాఖ్యానం విని పెరిగిన చెవి అది. ఇప్పుడు పైనుంచి కిందికి, కిరీటం, ముఖం, చేతులు, చీర, పాదాల దగ్గర పూలు, ఆ వరసలోనే చెబుతాను. నా మాట వచ్చేచోట నాదస్వరం తగ్గిస్తాను. మంత్రం మీద మాత్రం మాట వేయను, హారతికి ముందూ వెనకా దొరికిన ఖాళీలోనే చెప్పాల్సింది చెప్పేస్తాను. వాట్సాప్‌లో విడిగా ఆడియోగా పంపితే ఆయనకు తేలిక.

ఇది అందరికీ సరిపోదని కూడా తెలిసింది. వీధి చివర పుట్టుకతోనే వినపడని అబ్బాయి ఉన్నాడు, సైగభాషలో పెరిగాడు. నా క్యాప్షన్లు చూపిస్తే పద్యం దగ్గర ఆగిపోయాడు. అతనికి తెలుగు చదివి నేర్చుకున్న భాష, "లీనమై", "శరణంబు" ఎప్పుడూ ఎదురుపడలేదు. అతనికి కావాల్సింది సైగల్లో కథ చెప్పే మనిషి, పక్కన పెద్ద చతురస్రంలో, చేతులు నడుము దాకా కనపడేలా. అది నావల్ల అయ్యే పని కాదు. అతని కోసం పద్యం తర్వాత వాడుక మాటల్లో తాత్పర్యం ఒక క్యాప్షన్‌గా కలుపుతున్నాను.

పోయిన కార్తీకంలో గజేంద్రమోక్షం మళ్లీ పెట్టాను. నాలుగో పాదం వెళ్లగానే అత్తయ్యగారు రిమోట్ అందుకుని ఆపారు. "శరణంబు వేఁడెదన్ అని ఉండాలే. నువ్వు చివర పొల్లు మింగేశావు." వెనక్కి జరిపి చూస్తే "వేఁడెద" అనే ఉంది. ఆ రాత్రే దిద్ది మళ్లీ అచ్చు వేశాను.